చల్లార్చిన అన్నం, బంగాళాదుంప: కార్బోహైడ్రేట్ లెక్కలో నిజంగా ఎంత తగ్గించాలి?

వండిన అన్నాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు తింటే అందులోని కార్బోహైడ్రేట్ సగానికి తగ్గిపోతుందన్న మాట కొన్నేళ్లుగా వాట్సాప్ సందేశాల్లోనూ వీడియోల్లోనూ తిరుగుతోంది. మధుమేహం ఉన్నవారు, బరువు తగ్గాలనుకునేవారు తాము తిన్న ప్రతి పదార్థాన్నీ గ్రాముల్లో రాసుకునే అలవాటు పెరిగాక ఈ మాట ఒక లెక్కల ప్రశ్నగా మారింది. 200 గ్రాముల తాజా అన్నానికి 56 గ్రాముల కార్బోహైడ్రేట్ రాసుకుంటే, అదే అన్నం ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఎంత రాయాలి? చల్లార్చడం వల్ల చిన్నప్రేగులో అరగని పిండిపదార్థం, అంటే రెసిస్టెంట్ స్టార్చ్, పెరుగుతుందన్నది నిజమే, అందులో వివాదం లేదు. వివాదమంతా ఆ పెరుగుదల పరిమాణం గురించి, దాన్ని గ్రాముల లెక్కలోంచి తీసేయవచ్చా అన్నదాని గురించి.

చల్లారే అన్నంలో జరిగేది ఏమిటి

బియ్యంలోని పిండిపదార్థం రెండు రకాల అణువులతో ఏర్పడుతుంది. అమైలోజ్ పొడవైన తిన్నని గొలుసు, అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా విస్తరించిన గొలుసు. పచ్చి గింజలో ఇవి గట్టిగా, ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. నీళ్లలో ఉడికినప్పుడు ఆ క్రమం చెదిరి, అణువుల మధ్యకు నీరు చేరి, గింజ ఉబ్బి మెత్తబడుతుంది. మన చిన్నప్రేగులోని అమైలేజ్ ఎంజైము ఇలా విచ్చుకున్న పిండిపదార్థాన్ని సులభంగా ముక్కలు చేసి గ్లూకోజ్‌గా మార్చగలదు. వేడి అన్నం తిన్నాక రక్తంలో చక్కెర త్వరగా పెరగడానికి కారణం ఇదే.

అన్నం చల్లారుతున్నప్పుడు విడివడిన గొలుసులు మళ్లీ ఒకదాని పక్కన ఒకటి చేరి బిగుసుకుంటాయి. ఈ ప్రక్రియను రెట్రోగ్రెడేషన్ అంటారు. బిగుసుకున్న భాగాల్లోకి ఎంజైము సరిగా చొరబడలేదు కనుక ఆ కొంత పిండిపదార్థం చిన్నప్రేగులో అరగకుండా పెద్దప్రేగుకు చేరుతుంది. అలా చేరేదాన్నే రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. దీనిలో పలు రకాలున్నాయి. పచ్చి అరటికాయలో సహజంగా ఉండేది ఒక రకమైతే, వండి చల్లార్చినప్పుడు ఏర్పడేది మూడో రకం. పెద్దప్రేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. వాటిని శరీరం ఇంధనంగా వాడుకుంటుంది కనుక రెసిస్టెంట్ స్టార్చ్‌కు కేలరీలు అసలే ఉండవనడం సరికాదు. మామూలు పిండిపదార్థం గ్రాముకు 4 కిలోకేలరీలు ఇస్తే, ఇది పీచుపదార్థాల మాదిరిగా సుమారు 2 ఇస్తుందని లెక్కిస్తారు.

మళ్లీ వేడి చేస్తే పోయేది, నిలిచేది

ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం గింజ గట్టిగా, పొడిగా తగులుతుంది. ఆ గట్టిదనంలో ఎక్కువ భాగం అమైలోపెక్టిన్ గంటల తరబడి, రోజుల తరబడి నెమ్మదిగా బిగుసుకోవడం వల్ల వచ్చింది. ఈ బిగువు బలహీనమైనది. 40 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలోనే కరిగిపోతుంది. అన్నాన్ని ఆవిరి మీదో మైక్రోవేవ్‌లోనో వేడి చేయగానే గింజ మళ్లీ మెత్తబడడం మనకు తెలిసిన విషయమే. ఆ మెత్తదనమంటేనే ఈ భాగం పాత స్థితికి వచ్చేసిందని అర్థం.

అమైలోజ్ తీరు వేరు. అది చల్లారిన మొదటి గంటల్లోనే బిగుసుకుంటుంది, ఒకసారి బిగుసుకున్నాక కరగడానికి 120 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. ఇంట్లో మామూలుగా వేడి చేసినప్పుడు అన్నం 100 డిగ్రీలు దాటదు. కనుక అమైలోజ్ వల్ల ఏర్పడిన రెసిస్టెంట్ స్టార్చ్ చాలావరకు అలాగే ఉంటుంది. మళ్లీ వేడి చేస్తే లాభమంతా పోతుందనేవారూ, ఏమీ పోదనేవారూ చెరొక అణువు గురించి మాట్లాడుతున్నారన్నమాట. బియ్యం రకాన్ని బట్టి ఫలితం మారడానికీ కారణం ఇదే. అమైలోజ్ ఎక్కువున్న, పొడిపొడిగా ఉడికే బియ్యంలో నిలిచి ఉండే భాగం ఎక్కువ. అమైలోజ్ దాదాపు లేని, జిగురుగా ఉడికే బియ్యంలో ఫ్రిజ్ వల్ల మిగిలే లాభం చాలా తక్కువ.

కొలిచి చూసిన అంకెలు

తెల్లన్నం విషయంలో తరచుగా ఉదహరించే కొలత ఇండోనేషియా పరిశోధకులు 2015లో ప్రచురించినది. అప్పుడే వండిన 100 గ్రాముల అన్నంలో 0.64 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్ కనిపించింది. గది ఉష్ణోగ్రతలో 10 గంటలు ఉంచిన అన్నంలో అది 1.30 గ్రాములయింది. 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, మళ్లీ వేడి చేసిన అన్నంలో 1.65 గ్రాములు ఉంది. రెసిస్టెంట్ స్టార్చ్ రెండున్నర రెట్లు పెరిగిందని దీన్ని శీర్షికలో పెట్టవచ్చు, పెట్టారు కూడా. కానీ రెండున్నర రెట్లు అయింది చాలా చిన్న సంఖ్య. 100 గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటే, చల్లార్చడం వల్ల దానిలోంచి అరగని వైపుకు కొత్తగా మారినది ఒక్క గ్రాము మాత్రమే.

మరి సగం తగ్గుతుందన్న మాట ఎక్కడిది? 2015లోనే అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో శ్రీలంక నుంచి వచ్చిన ఒక ప్రదర్శన వార్తల్లోకెక్కింది. ఉడికే నీళ్లలో కొబ్బరినూనె వేసి బియ్యం వండి, 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే రెసిస్టెంట్ స్టార్చ్ బాగా పెరిగిందని అందులో చెప్పారు. సరైన బియ్యం రకం దొరికితే కేలరీలు సగానికి పైగా తగ్గించవచ్చునేమోనన్నది వారి ఆశాభావం. వార్తలు ప్రయాణించే కొద్దీ ఆ ‘తగ్గించవచ్చునేమో’ కాస్తా ‘తగ్గుతుంది’ అయింది.

ప్రయోగశాలలో రెసిస్టెంట్ స్టార్చ్‌ను కొలిచే పద్ధతిని కూడా గుర్తుంచుకోవాలి. సాధారణంగా వాడే ప్రామాణిక పరీక్షలో నమూనాను 37 డిగ్రీల దగ్గర 16 గంటలు ఎంజైములతో కలిపి ఉంచి, చివరకు మిగిలిన పిండిపదార్థాన్ని కొలుస్తారు. మనిషి ప్రేగులో జరిగే పనికి ఇది దగ్గరి నమూనాయే గానీ, అదే కాదు. నమిలే తీరు, కూరలోని నూనె, ప్రేగు కదలికల వేగం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటాయి.

ఒక కంచం అన్నం మీద లెక్క వేసి చూస్తే

ఒక ఇంట్లో 150 గ్రాముల పచ్చి బియ్యం వండారనుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో కార్బోహైడ్రేట్ 78.24 గ్రాములు. 150 గ్రాములకు అది 117.4 గ్రాములవుతుంది. గంజి వార్చకుండా వండితే ఆ కార్బోహైడ్రేట్ అంతా గిన్నెలోనే ఉంటుంది. ఉడికిన అన్నం బరువు 420 గ్రాములు తూగితే, ప్రతి 100 గ్రాముల అన్నానికి 27.9 గ్రాములు వచ్చినట్టు. 200 గ్రాముల అన్నం పెట్టుకుంటే 55.9 గ్రాములు.

ఇప్పుడు అదే 200 గ్రాములను ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వేడి చేశారనుకుందాం. పైన చెప్పిన అంకెల ప్రకారం రెసిస్టెంట్ స్టార్చ్ 1.3 గ్రాముల నుంచి 3.3 గ్రాములకు పెరుగుతుంది. తేడా 2 గ్రాములు, అంటే మొత్తం కార్బోహైడ్రేట్‌లో నాలుగు శాతం కూడా కాదు. కేలరీల్లో చూస్తే, గ్రాముకు 4 బదులు 2 వస్తాయి కనుక మొత్తం ఆదా 4 కిలోకేలరీలు. కంచం అంచుకు అంటుకుని మిగిలిపోయే మెతుకుల విలువ ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు.

ఈ 2 గ్రాములను పక్కన పెట్టి, లెక్కలో మామూలుగా జరిగే తేడాలు చూద్దాం. అదే బియ్యంలో మరికాస్త నీరు పోసినందువల్ల అన్నం 450 గ్రాములు తూగిందనుకుంటే, 200 గ్రాముల వడ్డనలో 52.2 గ్రాములే ఉంటాయి. నీటి తేడా ఒక్కటే 3.7 గ్రాములు మార్చేసింది. ఇక ఫ్రిజ్ విషయంలో ఇంకొక చిక్కుంది. మూత సరిగా లేని గిన్నెలో అన్నం ఆరిపోతుంది. 200 గ్రాముల అన్నం 10 గ్రాముల నీటిని కోల్పోయి 190 గ్రాములయిందనుకుంటే, అందులోని పిండిపదార్థం ఏమీ పోలేదు, నీరు మాత్రమే పోయింది. కానీ మర్నాడు దాన్ని తూచి పట్టికలోని 27.9తో గుణించిన వ్యక్తి 53 గ్రాములే రాసుకుంటాడు. అంటే రెసిస్టెంట్ స్టార్చ్ తీసివేసిన తర్వాత ఎంత ఉండాలో, తెలియకుండానే అంతకంటే కాస్త తక్కువే రాసేశాడు. దానిలోంచి మళ్లీ 2 గ్రాములు తీసేస్తే ఒకే దిశలో రెండు తప్పులు కలుస్తాయి. తగ్గింపు అవసరమా అన్న చర్చ కంటే, అన్నాన్ని చల్లారకముందు తూచారా, తర్వాత తూచారా అన్నదే లెక్కను ఎక్కువగా కదిలిస్తుంది.

పట్టికలోని అంకెలో ఏమి కలిసి ఉంది

రాసుకునే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా దానిలోంచి ఏదైనా తీసేయడం ప్రమాదకరం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో కార్బోహైడ్రేట్ అంటే తేమ, మాంసకృత్తులు, కొవ్వు, బూడిద పోగా మిగిలినదంతా. అందులో పీచు కలిసే ఉంటుంది. అక్కడి వారు ‘నెట్ కార్బ్’ కోసం పీచును తీసివేయడానికి ఆధారం ఉంది. మన జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో అలా కాదు. బియ్యానికి తేమ 9.93, మాంసకృత్తులు 7.94, బూడిద 0.56, కొవ్వు 0.52, పీచు 2.81, కార్బోహైడ్రేట్ 78.24 అని ఇచ్చారు. కూడి చూడండి, సరిగ్గా 100 వస్తుంది. పీచును ముందే విడదీసిన తర్వాత ఇచ్చిన అంకె అది. దాన్నుంచి పీచును మళ్లీ తీసేస్తే ఒకే వస్తువును రెండుసార్లు తీసేసినట్టవుతుంది. ఐరోపా దేశాల లేబుళ్లలో కూడా కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలపరు.

రెసిస్టెంట్ స్టార్చ్ కార్బోహైడ్రేట్ అంకెలోకి వెళుతుందా, పీచు అంకెలోకి వెళుతుందా అన్నది పీచును కొలిచిన పరీక్షా పద్ధతి మీద ఆధారపడుతుంది. పాత పద్ధతులు దానిలో కొంత భాగాన్నే పీచుగా పట్టుకునేవి, కొత్తవి ఎక్కువ భాగాన్ని పట్టుకుంటాయి. ఒక యాప్‌లో పది మంది పది చోట్ల నుంచి తెచ్చి పెట్టిన అంకెలున్నప్పుడు, ‘చల్లార్చిన అన్నం’ అన్న పేరుతో తక్కువ అంకె కనిపిస్తే అది కొలిచి రాసినదో, ఎవరో ఊహించి తగ్గించినదో చెప్పడం కష్టం. తాజా అన్నంలో ఉన్న 0.64 గ్రాములను ఇంతకాలం ఎవరూ తీసివేయలేదన్నది కూడా గమనించాలి.

గ్రాములు తగ్గకపోతే చక్కెర ఎందుకు తగ్గింది?

ఇక్కడ ఎదుటి వాదనకు బలం ఉంది. ఇండోనేషియా పరిశోధనలోనే 15 మంది ఆరోగ్యవంతులకు రెండు రకాల అన్నం పెట్టి రక్తంలో చక్కెరను కొలిచినప్పుడు, చల్లార్చి వేడి చేసిన అన్నానికి చక్కెర మొత్తం పెరుగుదలను చూపే గ్రాఫ్ కింది వైశాల్యం 152 నుంచి 125కు పడింది. అంటే దాదాపు 18 శాతం తగ్గింది. కార్బోహైడ్రేట్ నాలుగు శాతం కూడా తగ్గనప్పుడు చక్కెర 18 శాతం ఎలా తగ్గుతుంది? నిరంతరం చక్కెరను కొలిచే పరికరం చేతికి పెట్టుకుని, ఫ్రిజ్ అన్నం తిన్న రోజు గీత చదునుగా ఉందని చూపేవారు అబద్ధం చెప్పడం లేదు.

గ్రాముల సంఖ్య, అవి రక్తంలోకి చేరే వేగం అన్నవి రెండు వేర్వేరు కొలతలు కావడమే దీనికి సమాధానం. పూర్తిగా అరగని భాగంతోపాటు, కాస్త బిగుసుకుని నెమ్మదిగా అరిగే భాగం కూడా చల్లార్చడం వల్ల పెరుగుతుంది. అది రెసిస్టెంట్ స్టార్చ్ లెక్కలోకి రాదు, ఎందుకంటే చివరకు అరుగుతుంది. కానీ అది ఆలస్యంగా వస్తుంది కనుక మొదటి రెండు గంటల గ్రాఫ్ తగ్గుతుంది. రక్తంలో చక్కెరను పెంచే వేగాన్ని చూపే గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువున్న ఆహారానికి మనం కార్బోహైడ్రేట్ గ్రాములు తగ్గించి రాయం. పప్పుతో తిన్నా, నెయ్యితో తిన్నా అన్నం గ్రాములు మారవు, వేగం మారుతుంది. చల్లార్చిన అన్నాన్ని మాత్రం ఈ నియమం నుంచి మినహాయించడానికి నాకు కారణం కనిపించదు. వేగంలో వచ్చిన మార్పును గ్రాముల గడిలో రాస్తే, ఆ లాగ్‌ను తర్వాత చదివే డైటీషియన్‌కు ఆ రోజు తక్కువ తిన్నారా, వేరే విధంగా తిన్నారా అన్నది తెలియకుండా పోతుంది. ఆ విషయాన్ని గ్రాముల పక్కన ఒక మాటగా రాసుకుంటే రెండూ మిగులుతాయి.

బియ్యం రకాల మధ్య తేడాతో పోల్చినా ఇది అర్థమవుతుంది. చెన్నైలో జరిపిన పరీక్షల్లో సోనామసూరి గ్లైసెమిక్ ఇండెక్స్ 72 వచ్చింది. రాజేంద్రనగర్‌లో రూపొందించిన తెలంగాణ సోనాకు 50 దరిదాపుల్లో వచ్చినట్టు ప్రకటించారు. అయినా వంద గ్రాముల తెలంగాణ సోనాకు ఎవరూ తక్కువ కార్బోహైడ్రేట్ రాయరు.

ఇన్సులిన్ మోతాదు ఈ అంకె మీద ఆధారపడినప్పుడు

కేలరీలు రాసుకునేవారికి 2 గ్రాములు చిన్న విషయం. తిన్న కార్బోహైడ్రేట్‌ను బట్టి ఇన్సులిన్ తీసుకునే టైప్ 1 మధుమేహులకు ఇదే అంకె మందు మోతాదు. 10 గ్రాములకు ఒక యూనిట్ చొప్పున తీసుకునే వ్యక్తికి 2 గ్రాములంటే 0.2 యూనిట్. మామూలు పెన్నులు ఒక యూనిట్ చొప్పున, కొన్ని అర యూనిట్ చొప్పున మాత్రమే తిరుగుతాయి కనుక ఆ తగ్గింపును వేయడం కూడా సాధ్యం కాదు. దానికి బదులు సగం తగ్గుతుందన్న ప్రచారాన్ని నమ్మి 56కు 28 రాస్తే, దాదాపు 2.8 యూనిట్లు తక్కువ పడతాయి. ఆలస్యంగానైనా అరిగే ఆ గ్రాములన్నీ రక్తంలోకి వస్తాయి, వాటిని పట్టుకోవడానికి ఇన్సులిన్ ఉండదు.

ఇందుకు విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2022లో పోలండ్ పరిశోధకులు 32 మంది టైప్ 1 మధుమేహులకు 46 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉన్న అన్నాన్ని ఒకసారి తాజాగా, ఒకసారి 24 గంటలు చల్లార్చి వేడి చేసి పెట్టారు. ఇన్సులిన్ మోతాదు మార్చలేదు. చల్లార్చిన అన్నం తిన్నప్పుడు చక్కెర గరిష్ఠ స్థాయి తగ్గింది, దాంతోపాటు చక్కెర మరీ పడిపోయినవారి సంఖ్య పెరిగింది. గ్రాములు తగ్గించి రాయాలనేవారికి ఇది అన్నిటికంటే గట్టి ఆధారం. అయితే దీన్ని మరో విధంగా కూడా చదవవచ్చు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ తన సమయానికి వచ్చేసింది, అన్నం మాత్రం నెమ్మదిగా వచ్చింది, మధ్యలో చక్కెర పడింది. అదే నిజమైతే సవరించవలసింది ఇన్సులిన్ సమయాన్నో, దాన్ని విభజించే తీరునో కావచ్చు. ఏది సరైనదో ఆ వ్యక్తి సొంత చక్కెర రికార్డులు చూసి వైద్యుడు నిర్ణయించవలసినదే తప్ప, అందరికీ వర్తించే తగ్గింపు శాతం ఈ పరిశోధన నుంచి రాదు.

సొంతంగా ఒకటి రెండు రోజులు గ్లూకోమీటర్‌తో పరీక్షించి తేల్చుకుంటామనే వారికి ఒక పరిమితి అడ్డొస్తుంది. ప్రస్తుత అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీగ్రాములు దాటిన రీడింగుల్లో 15 శాతం వరకు తేడా ఆమోదయోగ్యం. అసలు చక్కెర 160 ఉంటే మీటరు 136 చూపినా, 184 చూపినా ప్రమాణం లోపలే ఉన్నట్టు. 2 గ్రాముల తేడా అందులో కనిపించదు.

బంగాళాదుంప లెక్క కాస్త వేరు

బంగాళాదుంపలో మొదటి నుంచీ రెసిస్టెంట్ స్టార్చ్ అన్నం కంటే ఎక్కువ. 2016లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో వేడిగా ఉన్న దుంపల్లో 100 గ్రాములకు సగటున 3.1 గ్రాములు, చల్లార్చినవాటిలో 4.3, చల్లార్చి వేడి చేసినవాటిలో 3.5 గ్రాములు కనిపించాయి. దుంప రకం వల్ల పెద్ద తేడా రాలేదు. వండిన తీరు వల్ల వచ్చింది, ఉడికించినవాటిలో 2.4 ఉంటే ఓవెన్‌లో కాల్చినవాటిలో 3.6 ఉంది. తొక్క తీసి ఉడికించిన 200 గ్రాముల దుంపలో సుమారు 40 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. చల్లగా సలాడ్‌లో తింటే తేడా 2.4 గ్రాములు, ఆరు శాతం. కానీ మన ఇళ్లలో చల్లారిన ఉడికిన దుంపను తాలింపు వేసి వేపుడుగానో, మసాలా కూరగానో మళ్లీ వేడి చేస్తాం. అప్పుడు మిగిలే తేడా 0.8 గ్రాములు. పైగా వేపుడులో నీరు ఆవిరైపోతుంది కనుక, వేగిన తర్వాత తూచి ఉడికిన దుంప అంకెతో గుణిస్తే లెక్క ఇంకా ఎక్కువ తప్పుతుంది. నూనె కేలరీలు వేరే.

చద్దన్నాన్ని ఏ గడిలో రాయాలి

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి, పొద్దున్న ఉల్లిపాయతో తినే చద్దన్నం గురించి ఈ సందర్భంలో ఎక్కువగా అడుగుతారు. గది ఉష్ణోగ్రతలో 10 గంటల తర్వాత వచ్చిన 1.30 గ్రాముల అంకె దీనికి కొంతవరకు దగ్గరే. ఇక రాత్రంతా పులిసేటప్పుడు బ్యాక్టీరియా కొద్దిపాటి పిండిపదార్థాన్ని వాడుకుని పులుపును తయారుచేస్తుంది. అయితే ఇక్కడ అసలు చిక్కు బరువుతో వస్తుంది. మెతుకులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, నీళ్లు కూడా గిన్నెలోనే ఉంటాయి. 400 గ్రాముల చద్దన్నంలో బియ్యం ఎంత, నీరు ఎంత అన్నది తూకం చెప్పదు. రాత్రి నీళ్లు పోయకముందు ఆ అన్నం 150 గ్రాములు తూగి ఉంటే, పొద్దున్న గిన్నె ఎంత తూగినా రాయవలసినది 150 గ్రాముల అన్నపు అంకె, అంటే దాదాపు 42 గ్రాములు. మజ్జిగ పోసి ఉంటే దాని కొద్దిపాటి కార్బోహైడ్రేట్ కలుపుకోవాలి.

నీళ్లు పోయని అన్నాన్ని రెసిస్టెంట్ స్టార్చ్ కోసమని రాత్రంతా బయట వదిలేయడం మాత్రం వేరే సంగతి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చని అన్నంలో అవి పెరిగి వాంతులు కలిగించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో పెట్టదలచిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరచి త్వరగా చల్లార్చి, మూత పెట్టి లోపల పెడితే ఆ భయం తగ్గుతుంది. మూత ఉంటే నీరు ఆరిపోదు కనుక మర్నాటి తూకం కూడా తప్పదు.